మూడో ఎపిసోడ్ అంటే ఏది? తీసిన వరుస, చూపిన వరుస

అందరికీ నమస్కారం.

ఒకే సిరీస్‌లో ఒకే ఎపిసోడ్‌కి డిస్కు మీద ఒక నంబరు, స్ట్రీమింగ్ యాప్‌లో ఇంకో నంబరు, పాత గైడు పుస్తకంలో మరో నంబరు కనిపించడం మీ అందరికీ అనుభవమే. అలా కనిపించగానే మనకొచ్చే మొదటి ఆలోచన, వీటిలో ఏదో తప్పు ఉందని. చాలాసార్లు ఏదీ తప్పు కాదు. ఒక్కో నంబరు ఒక్కో జాబితాలోని స్థానం. ఆ జాబితా ఎవరు రాసుకున్నారు, ఏ అవసరానికి రాసుకున్నారు అన్నది తెలిస్తే చిక్కు దానంతటదే విడిపోతుంది. ఇవాళ ఆ జాబితాలు ఎలా పుడతాయో, ఒకదానికొకటి ఎక్కడ ఎడమవుతాయో చూద్దాం.

దీనికి నేను ఎంచుకున్నది 1966లో అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో మొదలైన స్టార్ ట్రెక్, ఒక అంతరిక్ష నౌక సిబ్బంది కథ. ఎంచుకోవడానికి కారణం ఉంది. దాని నిర్మాణ వివరాలు బాగా నమోదయ్యాయి. అంతకన్నా ముఖ్యంగా, వరుస మారిందన్న సాక్ష్యం తెర మీదే, పాత్రలు వేసుకున్న బట్టల్లోనే కనిపిస్తుంది. సిరీస్ చూడనివాళ్లు కూడా ఇబ్బంది లేకుండా వినొచ్చు.

ముందు నంబరు ఎప్పుడు పడుతుందో చూద్దాం. ఒక ఎపిసోడ్ తీయాలని స్టూడియో నిర్ణయించిన రోజు నుంచే కాగితాలు మొదలవుతాయి. స్క్రిప్టు మీద, షూటింగ్ షెడ్యూలు మీద, సెట్టు ఖర్చు బిల్లుల మీద, ఫిల్ము డబ్బాల మీద, అన్నిటి మీదా ఈ పని ఫలానా ఎపిసోడ్‌దే అని చెప్పే గుర్తు ఒకటి కావాలి. పేరు పెడితే సరిపోదు, షూటింగ్ నాటికి పేరు మారిపోవచ్చు. అందుకే ఒక నంబరు ఇస్తారు. దాన్నే ప్రొడక్షన్ నంబరు అనో ప్రొడక్షన్ కోడ్ అనో అంటాం. ఆ సమయానికి అది ఏ వారం టీవీలో వస్తుందో స్టూడియోకే తెలియదు. ప్రసార తేదీని నిర్ణయించేది చానల్. తేదీ పడ్డాక పుట్టేది రెండో జాబితా, అంటే ప్రేక్షకుడు చూసిన వరుస.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. ప్రొడక్షన్ నంబరు అంటే కచ్చితంగా షూటింగ్ జరిగిన వరుసే అనుకోకండి. చాలా సిరీస్‌లలో స్క్రిప్టు దశలోనే నంబరు ఇచ్చేస్తారు, ఆ తర్వాత ఏ నటుడో దొరక్కో, సెట్టు సిద్ధం కాకో షూటింగ్ ముందూ వెనకా అవుతుంది. నంబరు మాత్రం మారదు, ఎందుకంటే బిల్లులన్నీ దాని మీదే ఉంటాయి.

ఇప్పుడు స్టార్ ట్రెక్‌కి వద్దాం. సిరీస్ ఎలా ఉంటుందో చానల్‌కి చూపడానికి ముందుగా తీసే నమూనా ఎపిసోడ్‌ని పైలట్ అంటారు. మొదటి పైలట్ పేరు ద కేజ్. దాన్ని చానల్ ఒప్పుకోలేదు, అయినా ఇంకో పైలట్ తీసి చూపించమంది. ఆ రెండో పైలట్ వేర్ నో మ్యాన్ హాజ్ గాన్ బిఫోర్. ఇది నచ్చి సిరీస్ ఖాయమైంది. ప్రొడక్షన్ లెక్కలో ద కేజ్ 1, రెండో పైలట్ 2. ఖాయమయ్యాక 1966 మే నెలలో మొదట షూటింగుకి వెళ్లిన మామూలు ఎపిసోడ్ ద కార్బొమైట్ మెనూవర్, దాని నంబరు 3. మడ్స్ విమెన్‌ది 4, ది ఎనిమీ విదిన్‌ది 5, ద మ్యాన్ ట్రాప్‌ది 6.

1966 సెప్టెంబరు 8న ఎన్‌బీసీలో సిరీస్ మొదలైనప్పుడు ప్రేక్షకులు చూసినది ఆరో నంబరు, ద మ్యాన్ ట్రాప్. రెండో నంబరు మూడో వారం వచ్చింది, సెప్టెంబరు 22న. మూడో నంబరు, అంటే మామూలు ఎపిసోడ్లలో అన్నిటికన్నా ముందు షూటింగ్ అయిన కార్బొమైట్ మెనూవర్, నవంబరు 10న పదో ఎపిసోడ్‌గా వచ్చింది. మే నెలలో తీసింది నవంబరులో కనబడిందన్నమాట.

ఎందుకింత ఆలస్యం? కార్బొమైట్ కథ దాదాపు మొత్తం అంతరిక్షంలోనే, నౌక లోపలే జరుగుతుంది. నౌకకి అడ్డంగా ముందు ఒక తిరిగే ఘనం వస్తుంది, తర్వాత కొండంత గోళాకారపు నౌక వస్తుంది. ఆ రోజుల్లో ఇలాంటి దృశ్యాలన్నీ ఫిల్ము మీదే చేయాలి. నమూనా నౌకని విడిగా తీయాలి, నక్షత్రాల నేపథ్యం విడిగా తీయాలి, ఆ పొరలన్నిటినీ ఆప్టికల్ ప్రింటరు మీద ఒక్క ఫిల్ములోకి ఎక్కించాలి. ఒక పొర కుదరకపోతే మళ్లీ మొదటికే. నటుల పని వారం పది రోజుల్లో ముగిసినా ఈ పని నెలల తరబడి సాగుతుంది. మ్యాన్ ట్రాప్ కథ గ్రహం మీదా, నౌక గదుల్లోనూ నడుస్తుంది. అందులో రాక్షసి ఒక మనిషి వేసుకున్న వేషం. స్టేజీ మీదే పని అయిపోతుంది, ఎడిటింగ్ త్వరగా ముగుస్తుంది. సెప్టెంబరు నాటికి చేతిలో సిద్ధంగా ఉన్న కొద్ది ఎపిసోడ్లలోంచే చానల్ ఎంచుకోవాలి. కొత్త గ్రహం, ఒక భయం గొలిపే ప్రాణి ఉన్నది మొదటి వారానికి బావుంటుందని అనుకున్నారు.

దీని ఫలితం తెర మీద ఎలా ఉందో చూడండి. మొదటి రెండు వారాలు ప్రేక్షకులకి నౌక డాక్టరుగా మెకాయ్ పరిచయమయ్యాడు. మూడో వారం టీవీ పెడితే మెకాయ్ లేడు, పైపర్ అనే వేరే డాక్టరు ఉన్నాడు. యూనిఫారాల కాలర్లు వేరు. నీలం చొక్కాలో చూసిన స్పాక్ అనే అధికారి పసుపు చొక్కాలో ఉన్నాడు. తర్వాత నౌక నడిపే సులు ఇక్కడ శాస్త్ర విభాగంలో పని చేస్తున్నాడు. వారం వారం చూసేవాడికి ఇవన్నీ అర్థం కాని మార్పులు. ప్రొడక్షన్ నంబరు తెలిసినవాడికి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఇది పైలట్, మిగతావాటికన్నా దాదాపు ఏడాది ముందు తీసింది, అప్పటికి మెకాయ్ పాత్రే లేదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్ష్యం నౌకలో సందేశాల పని చూసే ఉహూరా చొక్కా. సిరీస్ అంతటా ఆమె వేసుకునేది ఎరుపు. రెండు ఎపిసోడ్లలో మాత్రం పసుపు. తీసిన వరుసలో చూస్తే ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి: 3, 4. అంటే మొదట పసుపు ఇచ్చారు, తర్వాత మనసు మార్చుకుని ఎరుపుకి మారారు, ఇక వెనక్కి చూడలేదు. ప్రసారమైన వరుసలో చూడండి. మొదటి వారం ఎరుపు, ఆరో వారం మడ్స్ విమెన్‌లో పసుపు, ఏడో వారం ఎరుపు, పదో వారం కార్బొమైట్‌లో మళ్లీ పసుపు. ప్రసార వరుస ఒక్కటే తెలిసినవాళ్లు దీనికి కథలో కారణం వెతుకుతారు, విభాగం మారిందా, హోదా మారిందా అని. కారణం కథలో లేదు, ఫిల్ము ల్యాబులో ఉంది.

ఒక సిరీస్ వరుస మారిందో లేదో మీకు అనుమానం వస్తే పట్టుకోవాల్సిన కొస ఇదే. కథ చూడకండి, బట్టలు చూడండి, జుట్టు చూడండి, సెట్టు గోడలు చూడండి. ఒక మార్పు వచ్చి, పోయి, మళ్లీ వచ్చిందంటే వరుస కదిలిందనే అర్థం. కెప్టెన్ సహాయకురాలు యోమన్ ర్యాండ్ పాత్ర సంగతీ ఇంతే. ఆ నటిని మొదటి సీజన్ మధ్యలోనే తీసేశారు. ఆమె చివరగా కనిపించిన ప్రొడక్షన్ నంబరు 13, ద కాన్షెన్స్ ఆఫ్ ద కింగ్, అదీ ఒక్క క్షణం నడిచి వెళ్లడమే. అది డిసెంబరు 8న వచ్చింది. తర్వాతి వారం, డిసెంబరు 15న, తొమ్మిదో నంబరు బ్యాలన్స్ ఆఫ్ టెర్రర్ వచ్చింది, అందులో ఆమె మళ్లీ ఉంది. ఉద్యోగం పోయిన మనిషి ఆ తర్వాత వారం కూడా డ్యూటీలో కనిపించిందన్నమాట.

ఇప్పటిదాకా చెప్పింది వరుస మారడం. నంబరు మారడానికి ఇంకో కారణం లెక్క. ఒక ఎపిసోడ్‌ని ఒకటిగా లెక్కపెట్టాలా, రెండుగానా?

స్పెషల్ ఎఫెక్టులు ఆలస్యమై స్టార్ ట్రెక్ వాళ్లు షెడ్యూలులో బాగా వెనకబడ్డారు. వారం వారం ఒకటి ఇవ్వాలి, చేతిలో సిద్ధంగా ఉన్నవి అయిపోతున్నాయి. అప్పుడు తోచిన ఉపాయం, బీరువాలో ఉన్న ద కేజ్ ఫిల్ముని వాడుకోవడం. దాని చుట్టూ ఒక కొత్త కథ అల్లి, కొత్తగా కొద్దిగా మాత్రమే తీసి, ద మెనాజరీ పేరుతో రెండు భాగాలు చేశారు. నవంబరు 17న ఒకటి, 24న రెండోది. ప్రసార లెక్కలో అవి 11, 12. ప్రొడక్షన్ లెక్కలో రెండిటికీ కలిపి ఒకటే నంబరు, 16. షూటింగ్ ఒకటే కదా మరి.

దీంతో ఒక విచిత్రం జరిగింది. ప్రొడక్షన్ జాబితాలో ద కేజ్ ఒక నంబరు తినేసింది, కానీ అది ప్రసారం కాలేదు. అటు మెనాజరీ రెండుసార్లు ప్రసారమైంది, కానీ ఒక్క నంబరే తీసుకుంది. ఒకచోట ఒకటి ఎక్కువ, ఇంకోచోట ఒకటి తక్కువ, రెండూ కొట్టుకుపోయాయి. అందుకే మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ ఆపరేషన్ అనైహిలేట్‌కి ప్రొడక్షన్ నంబరు 29, ప్రసార నంబరూ 29. మొత్తం సిరీస్ ఆఖరిది టర్నబౌట్ ఇంట్రూడర్, అక్కడా రెండూ 79. చివరి నంబర్లు కలిశాయి కాబట్టి రెండు జాబితాలూ ఒకటేనని ఎవరైనా అనుకుంటే పూర్తిగా పొరపాటు. చివర కలిసినంత మాత్రాన మధ్యలో కలిసినట్టు కాదు. జాబితా సరిచూసేటప్పుడు మధ్యలో రెండు మూడు చోట్ల, ముఖ్యంగా రెండు భాగాల ఎపిసోడ్ దాటాక, తప్పకుండా చూడాలి.

ద కేజ్ విడిగా, పూర్తిగా టీవీలో రావడం 1988లో జరిగింది. దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఈనాటికీ తెగని పేచీ. కొందరు మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్‌గా పెడతారు. అలా పెట్టగానే మ్యాన్ ట్రాప్ రెండోదవుతుంది, వెనకవన్నీ ఒక్కో అంకె జరుగుతాయి. కొందరు ప్రత్యేకాలు అనే విడి అరలో, సీజన్ 0 కింద పెడతారు. నా మటుకు నాకు రెండోదే సబబు. ఇరవై ఏళ్ల తర్వాత చూపించిన దాని కోసం, దానికి ముందు వచ్చిన డెబ్భై తొమ్మిది నంబర్లని కదపడం న్యాయం కాదు.

ఇక డిస్కుల సంగతి. ఈ సిరీస్ మొదట డీవీడీగా వచ్చినప్పుడు డిస్కుకి రెండేసి చొప్పున, ప్రొడక్షన్ వరుసలో వేశారు. మొదటి డిస్కులో ఉన్నవి వేర్ నో మ్యాన్, కార్బొమైట్. 2004లో సీజన్ సెట్లు వేసినప్పుడు ప్రసార వరుసకి మారారు. అదే సిరీస్, అదే డీవీడీ రూపం, రెండు వరుసలు. బ్రిటన్‌లో బీబీసీ 1969 జూలై 12న సిరీస్ మొదలుపెట్టినప్పుడు మొదట చూపించింది వేర్ నో మ్యాన్. కాబట్టి ఆ ఒక్క ఎపిసోడ్ స్టూడియో కాగితాల్లో రెండోది, అమెరికా ప్రేక్షకుడికి మూడోది, బ్రిటన్ ప్రేక్షకుడికి మొదటిది.

(సభలో ఒకరు: సార్, వరుస మారడం ఎప్పుడూ ఇలా ఆలస్యం వల్లేనా? కావాలని మార్చరా?)

మారుస్తారండీ. అదే సిరీస్ రెండో సీజన్‌లో మొదట తీసింది క్యాట్స్‌పా, నంబరు 30. అందులో మంత్రగత్తెలు, నల్ల పిల్లి, పాడుబడ్డ కోట ఉంటాయి. హాలోవీన్‌కి సరిపోతుందని దాన్ని ఆపి, 1967 అక్టోబరు 27న సీజన్‌లో ఏడోదిగా చూపించారు. ఇందులో తమాషా ఏమిటంటే ఆ సీజన్‌లో కొత్తగా చేరిన చెకోవ్ పాత్ర మొదట కెమెరా ముందుకి వచ్చింది ఈ ఎపిసోడ్‌లోనే. ప్రేక్షకుడు మాత్రం అతన్ని సెప్టెంబరు 15నే అమోక్ టైమ్‌లో చూసేశాడు, దాని నంబరు 34. చెకోవ్ మొదటి ఎపిసోడ్ ఏది అని ఎవరైనా అడిగితే, తీసినదా చూపినదా అని మీరు ఎదురు ప్రశ్న వేయాల్సిందే.

ఇంకొక రకం ఉంది, సీజన్ అంకే మారిపోవడం. ఫ్యూచరామా అనే కార్టూన్ సిరీస్ మొదటి విడత 13 ఎపిసోడ్లు తయారైంది. కోడ్లు 1ACV01 నుంచి 1ACV13 దాకా. 1999 వసంతంలో ఫాక్స్ చానల్ అందులో 9 మాత్రమే చూపించి, మిగతా 4 శరదృతువుకి దాచుకుంది. దాంతో 1ACV10 కోడ్ ఉన్న ఎపిసోడ్ రెండో సీజన్ మొదటి ఎపిసోడ్‌గా వచ్చింది. డిస్కుల్లో తయారైన విడత ప్రకారమే వేశారు, కాబట్టి అక్కడ అది మొదటి సీజన్ పదోది. ప్రసార జాబితాలో S02E01, డిస్కు జాబితాలో S01E10. ఇలా నెట్టుకుంటూ పోయి, నాలుగు విడతలుగా తయారైన ఆ మొదటి దశ టీవీలో ఐదు సీజన్లయింది. సీజన్ ఎన్ని అని అడిగితే నాలుగన్నవాడూ, ఐదన్నవాడూ ఇద్దరూ నిజమే చెప్పారు.

(ఇంకొకరు: నేను డిస్కుల్లోంచి కాపీ చేసి పెట్టుకున్నవాటికి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ తప్పు పేర్లు ఇస్తోందండీ. దానికి ఏం చేయాలి?)

మంచి ప్రశ్న. చాలామందికి ఈ విషయం మీద పట్టింపు మొదలయ్యేది అక్కడే. అలాంటి సాఫ్ట్‌వేర్ మీ ఫైలు లోపల ఏ కథ ఉందో చూడదు. పేరులోని S01E01 చూసి, తన దగ్గరున్న జాబితాలో ఆ స్థానంలో ఏ పేరుందో అది అతికిస్తుంది. మీ ఫైళ్లు డిస్కు వరుసలో ఉండి, దాని జాబితా ప్రసార వరుసలో ఉంటే వరుస మారిన చోటల్లా పేరు తప్పుతుంది.

ఫైర్‌ఫ్లై అనే సిరీస్ తీసుకుందాం. 2002లో ఫాక్స్ చానల్‌కి రెండు గంటల పైలట్ తీసిచ్చారు, పేరు సెరెనిటీ. చానల్‌కి అది మొదటి వారానికి నచ్చలేదు. ద ట్రెయిన్ జాబ్ అనే ఇంకో ఎపిసోడ్ రాయించి సెప్టెంబరు 20న దానితో మొదలుపెట్టింది. పైలట్ డిసెంబరు 20న, అంటే ఆ చానల్ చూపించిన పదకొండులో ఆఖరిదిగా వచ్చింది. పాత్రలు ఒకరికొకరు పరిచయమయ్యే కథని అన్నిటికన్నా చివర చూపించారు. తయారైన పద్నాలుగులో మూడు ఆ చానల్లో రానేలేదు. 2003లో డిస్కులు వేసినప్పుడు సృష్టికర్తలు అనుకున్న వరుసలో, సెరెనిటీ మొదట పెట్టి వేశారు.

మీ దగ్గర `Firefly.S01E01.mkv` అనే ఫైలు ఉందనుకోండి. సాఫ్ట్‌వేర్ దానికి ద ట్రెయిన్ జాబ్ అని పేరు పెట్టింది. ముందు నిడివి చూడండి. నలభై నిమిషాల పైచిలుకు ఉంటే పేరు సరైనదే. గంటన్నరకి దగ్గరగా ఉంటే అది సెరెనిటీ, మీ ఫైళ్లు డిస్కు వరుసలో ఉన్నట్టు. ఇలా మామూలు కన్నా పొడవైన ఎపిసోడ్ ఎక్కడ పడిందో చూడటం అన్నిటికన్నా త్వరగా తేలే పరీక్ష. ఆ తర్వాత ఫైళ్ల పేర్లు మార్చకండి. సెట్టింగుల్లో ఎపిసోడ్ల వరుస అని ఒకటి ఉంటుంది, దాన్ని ప్రసార వరుస నుంచి డీవీడీ వరుసకి మార్చి, సమాచారం మళ్లీ తెప్పించుకోండి. అప్పుడూ కుదరకపోతేనే ఫైళ్ల జోలికి వెళ్లండి. వెళితే పేరులో నంబరుతో పాటు ఎపిసోడ్ శీర్షిక కూడా రాసుకోండి, మళ్లీ జాబితా మారినా మీకు దారి దొరుకుతుంది.

ఇంకొక్క హెచ్చరిక. నమ్మదగినది ప్రొడక్షన్ కోడ్ ఒక్కటే కదా, దాని ప్రకారం సర్దేస్తే పోలేదా అని కొందరు అనుకుంటారు. ఫైర్‌ఫ్లైలో ట్రెయిన్ జాబ్ కోడ్ 1AGE01. పైలట్ సెరెనిటీ కోడ్ 1AGE79. ఆ స్టూడియోలో పైలట్లకి 79 ఇవ్వడం ఒక అలవాటు. అందుకని కోడ్ ప్రకారం సర్దితే మొదట రావాల్సిన పైలట్ మళ్లీ ఆఖరికే పోతుంది, చానల్ చేసిన పనే మీ కంప్యూటరూ చేస్తుంది. కోడ్ ఒక ఎపిసోడ్‌ని గుర్తుపట్టడానికి బాగా పనికొస్తుంది, చూసే వరుస చెప్పడానికి కాదు.

(మొదట అడిగినవారు: పోనీ, నంబర్లు వదిలేసి ప్రసార తేదీ రాసుకుంటే గొడవ ఉండదు కదా సార్?)

బాగా తగ్గుతుందండీ, నేనూ అదే చేస్తాను. కానీ తేదీతో పాటు ఏ చానల్‌దో కూడా రాస్తాను. స్టార్ ట్రెక్ మొదలైంది 1966 సెప్టెంబరు 8న అని ఇందాక చెప్పాను, అది ఎన్‌బీసీ తేదీ. కెనడాలో సీటీవీ అదే మ్యాన్ ట్రాప్‌ని రెండు రోజుల ముందే, సెప్టెంబరు 6న చూపించింది.